బాల్కనీ గోడదీపాలు: వాన, పురుగు, తుప్పు – ఐపీ సంకేతం చెప్పేది, చెప్పనిది

వ్యాససంగ్రహం

బాల్కనీ గోడకు బిగించే విద్యుద్దీపాల పెట్టెలపై ఐపీ 44, ఐపీ 65 వంటి సంకేతాలు ముద్రించి ఉంటాయి. అంకె పెద్దదైతే దీపం వానకు, పురుగులకు, తుప్పుకు సమానంగా తట్టుకుంటుందన్న అభిప్రాయం వాడుకలో ఉంది. ఈ మూడు బాధలలో ఐపీ సంకేతం నేరుగా పరీక్షించేది నీటిని మాత్రమే. పురుగుల విషయంలో అది పరోక్షమైన సూచన ఇస్తుంది. తుప్పు విషయంలో ఏమీ చెప్పదు. సంకేతంలోని ఒక్కొక్క అంకె వెనుక ఏ పరీక్ష ఉందో, ఆ పరీక్షకూ బాల్కనీ గోడమీది వాస్తవ స్థితికీ మధ్య దూరం ఎంతో, విశాఖపట్నం వంటి సముద్రతీర నగరంలోని బాల్కనీని ఆధారంగా చేసుకుని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఐపీ సంకేతం, గోడదీపం, తొడుగు, గాస్కెట్, కేబుల్ గ్లాండ్, ఉప్పుగాలి, తుప్పు.

1. ఉపోద్ఘాతం

దీపపు పెట్టెమీద కనిపించే 'వాటర్‌ప్రూఫ్', 'వెదర్‌ప్రూఫ్' అన్న మాటలకు కచ్చితమైన అర్థం లేదు. ఎంత నీటికి, ఏ దిశనుంచి వచ్చే నీటికి, ఎంతసేపు తట్టుకుంటుందో ఆ మాటలు చెప్పవు. ఈ అస్పష్టతను తొలగించడానికి ఏర్పడినదే ఐపీ సంకేతం. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం రూపొందించిన ఐఈసీ 60529 ప్రమాణం దీనికి ఆధారం. భారతీయ ప్రమాణాల సంస్థ దీనినే ఐఎస్/ఐఈసీ 60529 అన్న సంఖ్యతో స్వీకరించింది. విద్యుత్ పరికరాన్ని కప్పి ఉంచే తొడుగులోనికి బయటి వస్తువులు, నీరు ఏ మేరకు చొరబడగలవో ఈ సంకేతం తెలుపుతుంది.

కచ్చితత్వం ఉన్న ప్రతి సంకేతానికీ ఒక హద్దు ఉంటుంది. తుప్పు, క్రిమికీటకాలు, ఎండ, తొడుగు లోపల ఏర్పడే చెమ్మ వంటి ప్రభావాలు తన పరిధిలోనివి కావనీ, వాటిని ఆయా పరికరాల ప్రమాణాలు చూసుకోవాలనీ ఐఈసీ 60529 స్వయంగా పేర్కొంటుంది. బాల్కనీ దీపాన్ని పాడుచేసేవి ముఖ్యంగా ఇవే. కాబట్టి సంకేతాన్ని చదవడమంటే అది చెప్పినదాన్ని గ్రహించడంతోపాటు చెప్పకుండా వదిలినదాన్ని గుర్తించడం కూడా. ఇందులో ప్రాణభద్రత కూడా ఇమిడి ఉంది. 230 వోల్టుల తీగ ఉన్న లోహపు తొడుగులోకి నీరు చేరి, తొడుగుకు ఎర్తు లేకపోతే, తడి నేలమీద నిలబడి దానిని తాకిన మనిషికి విద్యుదాఘాతం తగలవచ్చు.

2. సంకేతాన్ని చదివే పద్ధతి

ఐపీ 65 అన్నదాన్ని 'అరవై ఐదు' అని చదవకూడదు. 'ఆరు, ఐదు' అని విడివిడిగా చదవాలి. అవి రెండు వేర్వేరు పరీక్షల ఫలితాలు. మొదటి అంకె ఘనపదార్థాలకు, రెండవది నీటికి సంబంధించినవి. ఏదైనా అంకె స్థానంలో 'ఎక్స్' ఉంటే ఆ పరీక్ష ఫలితాన్ని ప్రకటించలేదని అర్థం. దానిని సున్నాగా భావించకూడదు, రక్షణ ఉందనీ భావించకూడదు.

2.1 మొదటి అంకె

ఇది 0 నుంచి 6 వరకు ఉంటుంది. అంకె 2 ఉంటే 12.5 మిల్లీమీటర్ల గోళం, 3 ఉంటే 2.5 మిల్లీమీటర్ల కడ్డీ, 4 ఉంటే 1 మిల్లీమీటరు తీగ తొడుగులోకి దూరకూడదు. 5, 6 అంకెలకు పరీక్షా సాధనం మారుతుంది. తొడుగును సన్నని టాల్కం పొడి ఎగురుతున్న గదిలో ఉంచుతారు. 5కు కొంత పొడి లోపలికి పోయినా పరికరం పనితీరుకు, భద్రతకు భంగం కలగకూడదు. 6కు పొడి అసలే పోకూడదు. ఈ ఆరవ స్థాయి పరీక్షలో తొడుగు లోపలి గాలిని బయటికి లాగి, లోపల పీడనాన్ని కొద్దిగా తగ్గిస్తారు. ఆ తగ్గింపు గరిష్ఠంగా 2 కిలోపాస్కల్స్. ఈ సంఖ్య నాలుగవ విభాగంలో మళ్ళీ అవసరమవుతుంది.

2.2 రెండవ అంకె

బాల్కనీకి సంబంధించినంతవరకు 3, 4, 5 అన్న మూడు స్థాయిలు ముఖ్యం. 3 అంటే నిట్టనిలువు దిశకు 60 డిగ్రీల వాలు వరకు పడే తుంపర. 4 అంటే అన్ని దిశలనుంచి చిందే నీరు. 5 అంటే 6.3 మిల్లీమీటర్ల రంధ్రంనుంచి నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున, సుమారు మూడు మీటర్ల దూరంనుంచి, కనీసం మూడు నిమిషాలు చిమ్మే నీటిధార. 6లో ధార నిమిషానికి 100 లీటర్లకు పెరుగుతుంది. 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునక.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. 6 వరకు ప్రతి పెద్ద అంకె తనకన్నా చిన్న అంకెల రక్షణను తనలో కలుపుకొంటుంది. 7కు ఆ గుణం లేదు. నీటిలో మునిగి తట్టుకున్న తొడుగు, వేగంగా కొట్టే ధారకు తట్టుకుంటుందని చెప్పలేము. అందువల్లనే రెండింటికీ తట్టుకునే పరికరాలపై ఐపీ 65, ఐపీ 67 అని రెండు సంకేతాలూ ముద్రిస్తారు. బాల్కనీకి 67 ఒక్కటే ఉన్న దీపం 65 కన్నా మేలైనదని అనుకోవడం పొరపాటు. రెండవది, నీటి పరీక్షలో నెగ్గడమంటే ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదని కాదు. పోయిన నీరు హాని చేయలేదని మాత్రమే అర్థం.

3. వాన వాలు – ఎంత రక్షణ చాలు

మూడవ స్థాయిలోని 60 డిగ్రీల హద్దును వానతో పోల్చి చూస్తే బాల్కనీకి కావలసిన రక్షణ తెలుస్తుంది. రెండు మిల్లీమీటర్ల వానచినుకు గాలి లేనప్పుడు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పడుతుంది. అడ్డంగా వీచే గాలి దానిని పక్కకు నెడుతుంది. గాలివేగం సెకనుకు 11 మీటర్లు, అంటే గంటకు దాదాపు 40 కిలోమీటర్లు ఉన్నప్పుడు చినుకు వాలు 60 డిగ్రీలకు చేరుతుంది. అంతకన్నా సన్నని చినుకులు ఇంకా తక్కువ గాలికే ఆ వాలును దాటుతాయి.

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన రోజున కోస్తా తీరంలో గంటకు 40 కిలోమీటర్ల గాలి అరుదైనదేమీ కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను గాలులు దీనికి నాలుగు రెట్లకు మించినవి. పైగా గోడను తాకిన గాలి పైకి మళ్ళుతూ చినుకును కిందినుంచి పైకి కూడా తోస్తుంది. కాబట్టి ఎత్తైన అంతస్తులో గాలికి ఎదురుగా ఉన్న బాల్కనీకి ఐపీ ఎక్స్3 చాలదు. పైకప్పు ఉన్న బాల్కనీలో లోపలి గోడమీద, జల్లు నేరుగా తగలని చోట ఐపీ 44 సరిపోతుంది. పిట్టగోడకు దగ్గరగా జల్లు సూటిగా కొట్టే చోట, లేదా గోడను గొట్టంతో కడిగే ఇంట్లో ఐపీ 65 తగినది.

4. దీపం ఊపిరి పీల్చడం

అంకె సరిగ్గా ఎంచుకున్న తరువాత కూడా అద్దం లోపల నీటిబొట్లు కనిపించడం మామూలే. దీనికి కారణం బయటి వాన బలం కాదు, లోపలి గాలి సంకోచం. వెలుగుతున్న దీపం లోపలి గాలి 60 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కిందనుకుందాం. ఒక్కసారిగా వాన కురిసి తొడుగు 25 డిగ్రీలకు చల్లబడుతుంది. పరమ ఉష్ణోగ్రతల్లో చెప్పాలంటే 333నుంచి 298కి తగ్గుదల. తొడుగు పూర్తిగా మూసుకుని ఉంటే లోపలి పీడనం అదే నిష్పత్తిలో, అంటే పదోవంతుకు కొంచెం పైగా తగ్గుతుంది. అది సుమారు 10 కిలోపాస్కల్స్. ఒక మీటరు ఎత్తు నీరు కలిగించే ఒత్తిడికి సమానం.

పైన చెప్పిన ధూళి పరీక్షలో పీడనం తగ్గింపు 2 కిలోపాస్కల్స్‌కు మించదు. వానసాయంత్రం గోడమీది దీపం దానికి అయిదింతల బలంతో లోపలికి పీల్చగలదన్నమాట. ఆ సమయంలో గాస్కెట్ అంచుమీద నీటిపొర నిలిచి ఉంటే, ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి ఆ నీరే లోపలికి పోతుంది. మళ్ళీ వేడెక్కినప్పుడు గాలి బయటికి పోతుంది కాని నీరంతా పోదు. ఇలా ప్రతి వానకు కొంత పోగవుతుంది. అందుకే కొందరు తయారీదారులు గాలిని, ఆవిరిని మాత్రమే వదిలి నీటిచుక్కను ఆపే సన్నని పొరను తొడుగులో అమరుస్తారు. అటువంటి గాలిద్వారం ఉన్న దీపం బాల్కనీకి ఎక్కువకాలం పనిచేస్తుంది.

సందు దొరికే చోటు సాధారణంగా ముందున్న అద్దం కాదు, వెనుక తీగ దూరే రంధ్రం. ప్రయోగశాలలో ఆ రంధ్రంలోని కేబుల్ గ్లాండ్‌కు తగిన గుండ్రని తొడుగు కేబుల్ బిగించి పరీక్షిస్తారు. గ్లాండులోని రబ్బరు ఉంగరం గుండ్రని కేబుల్‌ను చుట్టూ సమానంగా నొక్కి సందును మూస్తుంది. మన ఇళ్ళల్లో గోడలోపలి గొట్టంనుంచి వచ్చేవి విడివిడి తీగలు. రెండు మూడు విడితీగలను ఒకే ఉంగరంలోంచి దూర్చి బిగిస్తే వాటి నడుమ ఖాళీ మిగులుతుంది. ఆ క్షణంలోనే పెట్టెమీది ఐపీ 65 అర్థం కోల్పోతుంది. ఆ సంకేతం తయారీదారు చెప్పిన పద్ధతిలో బిగించిన కొత్త దీపానికి చెందినది.

5. పురుగులు

తొలకరి తరువాత దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు 1 మిల్లీమీటరు సందులో దూరలేవు. కాబట్టి మొదటి అంకె 4 ఉన్న దీపంలోకి అవి చేరవు. కాని సన్నచీమలు, సాలెపురుగు పిల్లలు, పిండిరేణువంత దోమజాతి పురుగులు అంతకన్నా సన్నగా ఉంటాయి. వాటిని పూర్తిగా నిలువరించాలంటే ధూళిని ఆపే 5 లేదా 6 ఉండాలి. మొదటి అంకెను పురుగులకు కొలతగా వాడుకోవడంలో తర్కం ఇదే. అయితే పరీక్షలో వాడే తీగకూ పొడికీ ప్రాణం లేదు. చీమ దారి వెతుక్కుంటుంది. గోడలోపలి గొట్టంలోంచి వచ్చే చీమలకు ముందువైపు గాస్కెట్ అడ్డు కాదు. ఇక్కడ కూడా వెనుక రంధ్రమే కీలకం.

పురుగు లోపలికి రాకుండా చూడడం ఒకటి, దీపం దగ్గరికి రాకుండా చూడడం మరొకటి. రెండవదాని గురించి ఐపీ సంకేతంలో ఏమీ ఉండదు. చాలా కీటకాల కళ్ళు అతినీలలోహిత కాంతికి, నీలికాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. తెల్లని ఎల్ఈడీలో అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు కాని 6500 కెల్విన్ 'కూల్ డేలైట్' రకంలో నీలిభాగం ఎక్కువ. 2700 లేదా 3000 కెల్విన్ పసుపుఛాయ దీపానికి పురుగులు తక్కువగా వస్తాయి, పూర్తిగా మానవు. కాంతి కిందికి మాత్రమే పడేట్టు మూతి ఉన్న దీపం దూరానికి తక్కువగా కనిపిస్తుంది కనుక అదీ కొంత మేలు. పురుగులు తగ్గితే వాటికోసం కాచుకునే బల్లులూ తగ్గుతాయి. దీపం వెనుక పళ్ళేనికీ గోడకూ మధ్య ఖాళీ ఉంటే బల్లులు అక్కడే గుడ్లు పెడతాయి.

6. తుప్పు

ఐపీ నీటి పరీక్షలన్నీ మంచినీటితో జరిగేవి, నిమిషాల్లో ముగిసేవి. ఉప్పుగాలి ఏళ్ళ తరబడి లోహంమీద చేసే పని వాటిలో కనిపించే అవకాశమే లేదు. ఐపీ 65 ముద్ర ఉన్న దీపం మరలు ఒక్క వర్షాకాలంలో ఎర్రబారడంలో వైరుధ్యమేమీ లేదు.

సముద్రతీర బాల్కనీలో తుప్పుకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. వాన తగిలే లోహంకన్నా వాన తగలని లోహం త్వరగా చెడవచ్చు. వాన ఉప్పును కడిగేస్తుంది. కప్పు కింద ఉన్న దీపంమీద ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. రాత్రి తేమను పీల్చి ఆ ఉప్పు తడిపొరగా మారుతుంది. వానకు అత్యంత భద్రమైన లోపలి గోడ ఆ విధంగా తుప్పుకు అనుకూలమైన చోటవుతుంది. నెలకొకసారి విద్యుత్తు ఆపి, మంచినీటిలో పిండిన గుడ్డతో దీపాన్ని తుడవడం ఇందుకు సులభమైన నివారణ.

తొడుగు పదార్థాన్ని బట్టి చెడే తీరు మారుతుంది. ఇనుపరేకు తొడుగుకు రంగు గీసుకుపోయిన చోట ఎర్రతుప్పు పుడుతుంది. పోతపోసిన అల్యూమినియంకు ఎర్రతుప్పు రాదు. దాని పౌడర్ కోటింగ్ కింద తెల్లని పొడి ఏర్పడి, రంగు బుడగలుగా లేస్తుంది. అల్యూమినియం తొడుగుకు ఉక్కుమర బిగిస్తే ఉప్పునీటి సమక్షంలో ఆ రెండు లోహాలూ చిన్న బ్యాటరీవలె పనిచేస్తాయి. అప్పుడు మరచుట్టూ ఉన్న అల్యూమినియం తినిపోతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులో 304 రకం తీరంలో గోధుమరంగు మరకలకు లోనవుతుంది. రెండు మూడు శాతం మాలిబ్డినం ఉన్న 316 రకం ఎక్కువగా తట్టుకుంటుంది. ఎండకు తట్టుకునేలా తయారైన పాలీకార్బనేట్ తొడుగుకు తుప్పు సమస్యే లేదు. మామూలు ప్లాస్టిక్కు మాత్రం కొన్నేళ్ళలో పసుపుబారి పెళుసవుతుంది.

7. అన్వయం: ఒక తీరప్రాంత బాల్కనీ

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా, అయిదవ అంతస్తులో ఒక బాల్కనీని ఊహిద్దాం. పిట్టగోడ పక్కన ఐపీ 65 ముద్ర ఉన్న అల్యూమినియం గోడదీపం ఉంది. రెండు వర్షాకాలాల తరువాత అద్దం అడుగున నీరు, చచ్చిన చీమలు, మరలచుట్టూ తెల్లపొడి కనిపించాయి. వానపడిన రాత్రుల్లో ఎర్త్ లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీ పడిపోతోంది. కారణాన్ని ఎలా గుర్తించాలి?

మొదట మెయిన్ స్విచ్ ఆపాలి. తెరవకముందే అద్దాన్ని పరిశీలించాలి. అద్దమంతా సన్నని ఆవిరిపొర పట్టి, దీపం వేసిన గంటలో అది తొలగిపోతే లోపల చిక్కిన తేమే కారణం. ఇది పెద్ద ప్రమాదం కాదు. నీరు నిలిచి ఉంటే మాత్రం దారి వెతకాలి. తెరిచినప్పుడు మరకల జాడ అద్దం అంచునుంచి మొదలైతే గాస్కెట్ చెడినట్లు. వెనుక పళ్ళెంనుంచి, తీగ వెంబడి కిందికి దిగితే తీగరంధ్రం ద్వారా వచ్చినట్లు. ఈ ఉదాహరణలో చీమలు కూడా ఉన్నాయి. గాస్కెట్ సాగుదల చెడకుండా మెత్తగానే ఉంది. గ్లాండులో మూడు విడితీగలు, వాటి ముడులకు చుట్టిన టేపు తడిసి ఉన్నాయి. నీరు, చీమ, ఆర్‌సీసీబీ పడిపోవడం అనే మూడు లక్షణాలకూ మూలం ఆ ఒక్క రంధ్రమే. తెల్లపొడికి మాత్రం వేరే కారణం, అల్యూమినియంలో బిగించిన ఉక్కుమరలు. ఈ దీపాన్ని తీసివేసి ఐపీ 66 దీపం తెచ్చి అదే పద్ధతిలో బిగిస్తే ఫలితం మారదు.

సరిచేసే క్రమం ఇది. ఎలక్ట్రీషియన్ చేత గ్లాండు కొలతకు సరిపడే గుండ్రని మూడుతీగల కేబుల్ ముక్కను దీపానికి బిగించాలి. దానికీ గోడతీగలకూ కలిపే ముడిని టేపుతో వదలకుండా, జెల్ నింపిన కనెక్టరులో ఉంచాలి. తొడుగుకు ఎర్తు తీగ తప్పనిసరిగా కలపాలి. గోడగొట్టం మూతిని సిలికాన్‌తో మూయాలి. పళ్ళెంచుట్టూ పైన, రెండు పక్కల సిలికాన్ పూసి అడుగున కొంత వదలాలి. పైనుంచి ప్లాస్టరులో ఇంకిన నీరు దారి లేక దీపం వెనుక నిలిచిపోకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. నాలుగు వైపులా మూయడం ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు. పాతమరల బదులు 316 రకం మరలను, అల్యూమినియానికి తగలకుండా నైలాన్ వాషర్లతో బిగించాలి. తరువాతి వాన మరునాడు అద్దం అడుగును చూస్తే పని ఫలించిందో లేదో తేలుతుంది.

8. ముగింపు

పై చర్చనుంచి తేలిన అంశాలు ఇవి.

1. ఐపీ సంకేతంలోని రెండు అంకెలను విడివిడిగా చదవాలి. నీటి అంకెలలో 7, అంతకు పైవి 5, 6 స్థాయిల రక్షణను తమలో కలుపుకోవు.

2. లోపలి గోడకు ఐపీ 44, జల్లు సూటిగా తగిలే చోటుకు ఐపీ 65 తగినవి. పురుగులను పూర్తిగా ఆపాలంటే మొదటి అంకె 5 లేదా 6 కావాలి.

3. తుప్పు గురించిన సమాచారం సంకేతంలో దొరకదు. దానిని తొడుగు పదార్థంలో, మరల రకంలో, రంగుపూతలో వెతకాలి.

4. సంకేతం కొత్త దీపం నెగ్గిన పరీక్షను తెలుపుతుంది. గోడమీద దానిని నిలబెట్టేది తీగ దూరిన రంధ్రాన్ని మూసిన తీరు. దుకాణంలో అంకెను అడిగినట్లే, బిగించే చోట ఏ కేబుల్, ఏ గ్లాండు వాడుతున్నారో కూడా అడిగి తెలుసుకోవాలి.